45 నిమిషాల మౌనం

2020 మార్చి 13, శుక్రవారం. ఉదయం 9.15కి స్టాక్ మార్కెట్ తెరుచుకుంది. 9.21 అయ్యేసరికి ఆగిపోయింది. ముందు రోజు 9,590 దగ్గర ముగిసిన నిఫ్టీ ఆ ఆరు నిమిషాల్లో 966 పాయింట్లు పోగొట్టుకుని 8,624కి జారింది. కరోనాను ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించి రెండు రోజులే అయింది. ముందు రోజు రాత్రి అమెరికాలో డౌజోన్స్ ఒక్క రోజులోనే పది శాతం పడింది. ఆ భయమంతా తెల్లారి మన మార్కెట్ మీద పడింది. నిఫ్టీ పది శాతం దాటి పడగానే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ రెండింటిలోనూ షేర్లు, వాటి మీద నడిచే ఫ్యూచర్లు, ఆప్షన్లు ఏకకాలంలో నిలిచిపోయాయి. దీన్నే సర్క్యూట్ బ్రేకర్ అంటారు. ఇంట్లో కరెంటు ఒక్కసారిగా ఎక్కువైతే మీటరు పక్కనున్న బ్రేకర్ టక్కున పడిపోతుంది కదా, పేరు అక్కడిదే.

మార్కెట్ మళ్లీ మొదలయ్యాక కాసేపు ఇంకా కిందికే వెళ్లింది. సెన్సెక్స్ 29,389 దాకా పడింది. అక్కడి నుంచి తిరిగి సాయంత్రానికి 34,103 దగ్గర ముగిసింది. ముందు రోజు ముగింపుతో పోలిస్తే 1,325 పాయింట్లు లాభం! పొద్దున అట్టడుగున లక్ష రూపాయలకు అమ్ముకున్న షేర్లు మార్కెట్‌తో సమానంగా కదిలి ఉంటే, సాయంత్రానికి వాటి విలువ లక్షా పదహారు వేలు. ఎవరు అమ్మారో, ఎందుకు అమ్మాల్సి వచ్చిందో తెలియదు గానీ, ఆ రోజు లెక్క తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఎంత పడితే ఎంతసేపు?

మన దేశంలో మార్కెట్ మొత్తాన్ని ఆపే ఈ పద్ధతిని సెబీ 2001 జులై 2 నుంచి అమలు చేసింది. ఇందులో మూడు మెట్లున్నాయి: 10 శాతం, 15 శాతం, 20 శాతం. సెన్సెక్స్, నిఫ్టీల్లో ఏది ముందు తాకితే అదే లెక్క. పెరిగినా, తగ్గినా ఇదే నియమం.

ఎంతసేపు ఆపాలన్నది గడియారాన్ని బట్టి మారుతుంది. పది శాతం మెట్టు మధ్యాహ్నం ఒంటి గంటలోపు తగిలితే 45 నిమిషాలు ఆపుతారు. ఒంటి గంట నుంచి రెండున్నర మధ్య తగిలితే 15 నిమిషాలు. రెండున్నర తర్వాత తగిలితే అసలు ఆపరు. మూడున్నరకు మార్కెట్ ఎటూ మూసేస్తారు కాబట్టి, చివరి గంటలో ఆపితే మళ్లీ సాఫీగా మొదలుపెట్టే వ్యవధే మిగలదు. పదిహేను శాతానికి ఆపే సమయం ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం రెండు దాటాక ఆ మెట్టు తగిలితే ఆ రోజుకు సెలవే. ఇరవై శాతమైతే ఏ వేళైనా సరే, ఆ రోజుకు దుకాణం కట్టేసినట్టే.

ఆగిన వేళ ఏం జరుగుతుంది?

"కాసేపు ఆపితే భయం తగ్గుతుంది" అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. ధర ఎందుకు కుప్పకూలుతుందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

షేరు ధర పడాలంటే అమ్మేవాళ్లు ఎక్కువ కానక్కర్లేదు. కొనేవాళ్లు పక్కకు తప్పుకున్నా చాలు. ఏం జరుగుతోందో అర్థం కానప్పుడు కొనాలనుకున్నవాళ్లు తమ ఆర్డర్లు వెనక్కి తీసుకుంటారు. అప్పుడు మామూలు అమ్మకం కూడా మెట్లు దిగుతూ పోయి, ఎక్కడో చాలా కింద ఉన్న కొనుగోలుదారుకు తగులుతుంది. ఆ ధర చూసి స్టాప్ లాస్ ఆర్డర్లు వాటంతటవే కదులుతాయి. ఇంకోవైపు అప్పు మీద, మార్జిన్ మీద కొన్నవాళ్లకు "డబ్బు కట్టండి" అని బ్రోకర్ల నుంచి కబురు వస్తుంది. కట్టలేకపోతే బ్రోకరే వాళ్ల షేర్లు అమ్మేస్తాడు. ఆ అమ్మకం ధరను ఇంకా కిందికి తోస్తుంది, దాంతో మరొకరికి మార్జిన్ కబురు వెళుతుంది. ఇందులో ఎవరూ కంపెనీ విలువ గురించి ఆలోచించి అమ్మడం లేదు. ఒక అమ్మకం ఇంకో అమ్మకాన్ని పుట్టిస్తోంది, అంతే.

ఆ గొలుసును తెంపడానికే ఈ విరామం. మార్జిన్ డబ్బు సర్దుకోవడానికి, పాత ఆర్డర్లను మళ్లీ చూసుకోవడానికి, నిజంగా కొనదలిచిన పెద్ద సంస్థలు నిర్ణయం తీసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 45 నిమిషాలు కాగానే మార్కెట్ నేరుగా తెరుచుకోదు. 15 నిమిషాల ప్రీ ఓపెన్ ఉంటుంది. అప్పుడు ఆర్డర్లు చేరుతుంటాయి గానీ లావాదేవీలు జరగవు. చివర్లో అన్నిటినీ కలిపి, ఏ ధర దగ్గర ఎక్కువ షేర్లు చేతులు మారతాయో ఆ ఒక్క ధరను కంప్యూటర్ తేలుస్తుంది.

చిన్న లెక్క చూద్దాం. ఒక షేరును రూ.100 దాకా పెట్టి 500 కొనేవారున్నారు, రూ.98 దాకా 300, రూ.95 దాకా 400. అమ్మేవైపు రూ.94 వస్తే చాలని 200, రూ.96కు 400, రూ.98కి 500 ఉన్నాయి. రూ.96 దగ్గర చూస్తే కొనేవాళ్లకు 800 కావాలి, అమ్మేవాళ్ల దగ్గర 600 ఉన్నాయి, కాబట్టి 600 చేతులు మారతాయి. రూ.98 దగ్గర కొనేవాళ్లు 800, అమ్మేవాళ్లు 1,100. అంటే 800 మారతాయి. రూ.100 దగ్గర కొనేది 500 మాత్రమే. కాబట్టి ధర రూ.98. రూ.94కే అమ్మేస్తానన్న కంగారు మనిషికి కూడా రూ.98 అందుతుంది. మామూలు ట్రేడింగ్‌లో అయితే ఆ క్షణాన ఎదురుగా ఎవరుంటే వాళ్ల ధరకే పోయేది. విరామంలో మదుపరికి దక్కే అసలు మేలు నా దృష్టిలో ఇదే. చెల్లాచెదురుగా వచ్చే ఆర్డర్లు ఒకచోట పోగై, ధర నలుగురి మధ్య తేలుతుంది.

పది రోజుల తర్వాత అదే విరామం, వేరే ఫలితం

2020 మార్చి 23, సోమవారం. ముందు రోజు జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రానికే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు నెలాఖరు దాకా లాక్‌డౌన్ ప్రకటించాయి. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. సోమవారం పది గంటలకు కాస్త ముందే మార్కెట్ పది శాతం పడి ఆగిపోయింది. పది రోజుల ముందు లాగే 45 నిమిషాలు ఆపారు, ఆ తర్వాత 15 నిమిషాల ప్రీ ఓపెన్ పెట్టారు.

ఈసారి మార్కెట్ తేరుకోలేదు. పది శాతం మెట్టు సెన్సెక్స్‌లో సుమారు 26,924 దగ్గరుంది. తెరిచాక అక్కడి నుంచి ఇంకా దాదాపు 940 పాయింట్లు జారి 25,981 దగ్గర ముగిసింది. ఒక్క రోజులో 3,934 పాయింట్లు, 13 శాతానికి పైగా నష్టం.

ఈ తేడా ఎందుకొచ్చింది? 13న విరామం సాగుతున్న వేళకే అమెరికా ఫ్యూచర్లు పైకి మళ్లాయి, అవసరమైతే చర్యలకు సిద్ధమని సెబీ కూడా చెప్పింది. అమ్మకాల్లో ఎక్కువ భాగం కంగారుదే కాబట్టి కొత్త కబురు రాగానే కొనేవాళ్లు ముందుకొచ్చారు. 23న పడిపోయినది కేవలం ధైర్యం కాదు. కంపెనీలు, దుకాణాలు, బస్సులు, సినిమాహాళ్లు నిజంగానే మూతపడుతున్నాయి. గంటసేపు ఆలోచించినా మదుపరికి తట్టేది అదే: రాబడి పోతోంది. బ్రేకర్ తొందరపాటును ఆపగలదు. చెడ్డ వార్తను మంచి వార్తగా మార్చడం దాని వల్ల కాదు.

షేరుకు "లోయర్ సర్క్యూట్" తగిలితే ట్రేడింగ్ ఆగుతుందా?

ఆగదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మార్కెట్ మొత్తానికి ఉన్న బ్రేకర్ వేరు, ఒక్కో షేరుకు ఉండే రోజువారీ హద్దు వేరు. షేరును బట్టి ఈ హద్దు 2, 5, 10 లేదా 20 శాతం ఉంటుంది. నిన్న రూ.100 దగ్గర ముగిసిన షేరుకు 5 శాతం హద్దు ఉంటే, ఇవాళ రూ.95 కిందికి గానీ రూ.105 పైకి గానీ ఆర్డరే పెట్టనివ్వరు. ఎక్స్ఛేంజీ తలుపులు తెరిచే ఉంటాయి. రూ.95కు కొనేవాడు దొరికితే లావాదేవీ జరుగుతుంది. కొనేవాడు లేకపోవడమే అసలు ఇబ్బంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. బ్రోకర్ యాప్‌లో ఆ షేరు మార్కెట్ డెప్త్ తెరిచి చూడండి. కొనుగోలు వైపంతా సున్నాలు, అమ్మకం వైపు ఒకే ధర దగ్గర లక్షల షేర్లు కనిపిస్తే అది లాక్ అయినట్టే. ధర మారడానికి వీల్లేదు కాబట్టి అక్కడ వరస ఒక్కటే పనిచేస్తుంది: ముందు ఆర్డరు పెట్టినవాడి షేర్లు ముందు అమ్ముడుపోతాయి. పదకొండింటికి ఆర్డరు పెట్టినవాడు లక్షల షేర్ల వెనక నిలబడతాడు. సాయంత్రానికి ఆ వరస రద్దయి, రేపు పొద్దున మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రోజూ 5 శాతం చొప్పున పది రోజులు ఇలా లాక్ అయితే రూ.100 షేరు రూ.60 దగ్గరికి వచ్చేస్తుంది. ఆ పది రోజులూ ధర కళ్ల ముందే కనబడుతుంది గానీ చేతికి డబ్బు రాదు. చిన్న కంపెనీల షేర్లను ఎవరో చెప్పిన మాట మీద కొన్నవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇందులోనే. ఎక్కేటప్పుడు అప్పర్ సర్క్యూట్లు చూసి మురిసిపోయిన షేరులోంచి దిగేటప్పుడు ద్వారం అంత ఇరుకుగా ఉంటుందని ముందుగా ఎవరూ చెప్పరు.

హద్దు లేని షేరు: సత్యం

ఫ్యూచర్స్, ఆప్షన్స్ నడిచే షేర్లకు ఇలాంటి గట్టి హద్దు ఉండదు. షేరు ధర కదలకుండా బిగుసుకుంటే, దాని మీద ఆధారపడిన ఫ్యూచర్లకు, ఆప్షన్లకు ధర కట్టడం కష్టమవుతుంది. వాటికి ఇప్పుడున్నది జరుపుకుంటూ పోయే హద్దు. పది శాతం దగ్గర మొదలై, అక్కడ తగినన్ని లావాదేవీలు జరిగితే కాసేపు ఆగి, కొంచెం కొంచెంగా సడలుతుంది.

గట్టి హద్దు లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు బాగా గుర్తుండే రోజు 2009 జనవరి 7. హైదరాబాదు కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం జరిగిందని లేఖ రాసిన రోజు. ముందు రోజు రూ.179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి రూ.40 దగ్గరికి పడింది. ఒక్క రోజులో సుమారు 78 శాతం.

అదే షేరుకు 20 శాతం హద్దు ఉండి ఉంటే? మొదటి రోజు రూ.143 దగ్గర ఆగేది. తర్వాత 115, 92, 73, 59, 47, 38. అంటే రూ.40 కిందికి చేరడానికి ఏడు రోజులు పట్టేది. వినడానికి ఇది మెరుగ్గానే ఉంది. కానీ ఆ ఏడు రోజులూ కొనేవాడు ఉండేవాడు కాదు. రూ.143 అన్నది కాగితం మీద ధర మాత్రమే. హద్దు లేకపోవడం వల్ల కనీసం అమ్మదలిచినవాళ్లు ఎంతో కొంతకు బయటపడ్డారు.

కథకు రెండో వైపు కూడా ఉంది. సెలవు తర్వాత జనవరి 9న ఆ షేరు ఒక దశలో రూ.6.30 దాకా పడింది. మూడు నెలల తర్వాత, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సత్యాన్ని దక్కించుకున్నప్పుడు పెట్టిన ధర షేరుకు రూ.58. అంటే జనవరి 9న కంగారులో ఆ అట్టడుగున అమ్ముకున్నవాళ్లు ఆ ధరలో దాదాపు పదో వంతుకే వదులుకున్నారు. హద్దు ఉంటే బయటికి రాలేని కష్టం, లేకపోతే పాతాళంలో అమ్ముకునే కష్టం. ఏది మేలని ఒక్క మాటలో చెప్పలేను. అప్పు మీద కొన్నవాడికి బయటికి వచ్చే దారి ప్రాణం. సొంత డబ్బుతో కొని నిబ్బరంగా ఉండగలిగినవాడికి హద్దే రక్ష.

నాలుగు రోజులే బతికిన నియమం

చైనా 2016 జనవరిలో సర్క్యూట్ బ్రేకర్ పెట్టుకుంది. సీఎస్ఐ 300 సూచీ 5 శాతం కదిలితే 15 నిమిషాల విరామం. 7 శాతమైతే ఆ రోజుకు బంద్. కొత్త ఏడాదిలో మొదటి ట్రేడింగ్ రోజు జనవరి 4నే రెండు మెట్లూ తగిలాయి. జనవరి 7న మరీ ఘోరం. తెరిచిన పన్నెండు పదమూడు నిమిషాలకే 5 శాతం పడింది. 15 నిమిషాల విరామం తర్వాత తెరిస్తే రెండు నిమిషాల్లోపే 7 శాతం. ఆ రోజు జరిగిన ట్రేడింగ్ మొత్తం పావుగంట కూడా లేదు. జనవరి 8 నుంచి ఆ నియమాన్ని పక్కన పెట్టేశారు.

తప్పు అంకెల్లోనే ఉంది. అంతకు ముందు వేసవిలో చైనా మార్కెట్ 5 శాతం ఊగడం చాలాసార్లు జరిగింది. కాబట్టి మొదటి మెట్టు అసాధారణమైనదేమీ కాదు. పైగా 5కూ 7కూ మధ్య రెండే శాతం. మొదటి మెట్టు తగలగానే మదుపరులందరికీ ఒకే ఆలోచన వస్తుంది: ఇంకో రెండు శాతం పడితే ఇవాళ్టికి తలుపు మూసేస్తారు, ఈలోపే అమ్మేయాలి. ఊరు దాటే చివరి బస్సు కదలబోతుంటే తలుపు దగ్గర తోపులాట పెరిగినట్టు, ఆ 7 శాతమే అమ్మకాలను తనవైపు లాక్కుంది. దీన్ని అయస్కాంత ప్రభావం అంటారు. మన మెట్లు 10, 15, 20 దగ్గర, దూరదూరంగా ఉండటం వల్ల ఆ తొందర తక్కువ. 2020 మార్చి 23న 13 శాతం పడినా 15 మెట్టు తగలలేదు.

శాతాల్లో ఎందుకు, పాయింట్లలో ఎందుకు కాదు?

సర్క్యూట్ బ్రేకర్ ఆలోచన పుట్టింది 1987 అక్టోబర్ 19 తర్వాత. ఆ ఒక్క సోమవారం అమెరికా డౌజోన్స్ 22.6 శాతం పడింది. బ్రాడీ కమిషన్ సిఫార్సుతో బ్రేకర్లు పెట్టారు గానీ వాటిని పాయింట్లలో లెక్కగట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ సూచీ పెరిగింది. పాయింట్లు దానికి తగ్గట్టు పెరగలేదు. 1997 అక్టోబర్ 27న మొదటిసారి బ్రేకర్ పడినప్పుడు, మొదటి మెట్టయిన 350 పాయింట్ల పతనం విలువ నాలుగున్నర శాతం మాత్రమే. అరగంట విరామం తర్వాత తెరిస్తే, అరగంట లోపే 550 పాయింట్ల మెట్టు కూడా తగిలి మార్కెట్ ముందే మూతపడింది. మర్నాడు డౌజోన్స్ 337 పాయింట్లు తిరిగి పెరిగింది. ఆపాల్సినంత ప్రమాదం లేని రోజు ఆపారన్నమాట. ఆ తర్వాత ఏడాది శాతాలకు మారారు. మన దగ్గర కూడా 2013 వరకు శాతాలను మూడు నెలలకోసారి పాయింట్లలోకి మార్చి పెట్టేవారు. ఇప్పుడు ముందు రోజు ముగింపును బట్టి రోజూ లెక్కిస్తారు.

బ్రేకరే ఆలస్యమైన రోజు

2012 అక్టోబర్ 5, ఉదయం 9.50 ప్రాంతం. ఒక బ్రోకరేజీ సంస్థ డీలరు నిఫ్టీ షేర్ల బుట్టను అమ్మబోయి, అమ్మాల్సిన రూపాయల విలువను పొరపాటున సంఖ్యగా పెట్టాడు. 59 ఆర్డర్లు, రూ.650 కోట్లకు పైగా అమ్మకం. ఎదురుగా ఎంత తక్కువ ధర ఉంటే అంతకు పోయాయి. నిఫ్టీ క్షణాల్లో 15.5 శాతం పడింది.

పది దగ్గర ఆగాల్సింది పదిహేనున్నర దాకా ఎలా వెళ్లింది? సూచీని లెక్కగట్టి, హద్దు దాటిందని గ్రహించి, ఆపమని చెప్పేలోపు వరసలో ఉన్న ఆర్డర్లు జరిగిపోయాయి. మనిషి కంటికి ఆ వ్యవధి కనబడనైనా కనబడదు, యంత్రానికి అది చాలా ఎక్కువ. కాసేపటికి మార్కెట్ తెరిస్తే ధరలు మామూలు స్థాయికి దగ్గరికి వచ్చేశాయి. కంపెనీల గురించి కొత్త వార్త ఏదీ లేదు కదా.

ఆ తర్వాత సెబీ రెండు చోట్ల బిగించింది. సూచీలోని షేర్లలో జరిగే ప్రతి లావాదేవీ తర్వాతా సూచీని లెక్కించాలంది. అంతకన్నా ముఖ్యంగా, ఒక్క ఆర్డరుకు విలువలోనూ సంఖ్యలోనూ పరిమితి పెట్టి, అది ఎక్స్ఛేంజీకి చేరకముందే అడ్డుకోవాలంది. తప్పు ఆర్డరును గుమ్మం దగ్గరే పట్టుకుంటే, మార్కెట్ మొత్తాన్ని ఆపే అవసరమే రాదు.

పైకి ఎగిరినా ఆగుతుంది

2009 మే 18, సోమవారం. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వారాంతంలో వచ్చాయి, స్థిరమైన ప్రభుత్వం ఖాయమైంది. తెరిచిన క్షణాల్లోనే సూచీలు హద్దు దాటి ఎగిరాయి. అప్పటి మార్కెట్ వేళలు, విరామ నియమాలు వేరు. రెండు గంటలు ఆపి 11.55కు తెరిస్తే మళ్లీ అదే ఎగురుడు, ఆ రోజుకు బంద్. సెన్సెక్స్ 2,110 పాయింట్లు, 17 శాతానికి పైగా పెరిగింది. ఆ రోజు జరిగిన ట్రేడింగ్ నిమిషాన్ని మించి లేదు. ధర పెరుగుతుందని బలంగా నమ్మి కొనాలనుకున్నవాళ్లకు అమ్మేవాళ్లు దొరకలేదు. ధర పడుతుందని ముందే ఫ్యూచర్లలో అమ్మి పెట్టుకున్నవాళ్లకు తిరిగి కొనుక్కుని బయటపడే దారి దొరకలేదు. ఆనందంలో మూసినా తలుపు తలుపే.

పసుపుకూ హద్దుంది

సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో నడిచే పసుపు ఫ్యూచర్లకు నిజామాబాద్ డెలివరీ కేంద్రం. ఆ ఫ్యూచర్ ధరకు రోజువారీ హద్దు రెండు మెట్లలో ఉంటుంది. మొదటి మెట్టు తాకితే 15 నిమిషాలు ఆ హద్దులోనే ట్రేడింగ్ సాగుతుంది, ఆ తర్వాత రెండో మెట్టు దాకా వదులుతారు. ఆ రోజుకు అంతకు మించి కదలదు. కానీ అదే రోజు నిజామాబాద్ మార్కెట్ యార్డులో రైతు తెచ్చిన పసుపు కొమ్ముకు అలాంటి హద్దేమీ ఉండదు. అందుకే ఫ్యూచర్ లాక్ అయిన రోజున తెర మీది ధరను చూసి యార్డులో బేరమాడకూడదు. అది అసలు ధర కాదు, హద్దు దగ్గర ఆగిపోయిన ధర.